ఆస్పత్రి పక్క లాడ్జిలో దిగే రోగి బంధువులకు స్వాగత పత్రం రాయడం ఎలా: బస, భోజనం, బట్టల ఉతుకు

హైదరాబాద్ పంజాగుట్టలో నిమ్స్ చుట్టూ ఉన్న లాడ్జిల్లో దిగేవాళ్ళలో చాలామంది ఊరు చూడ్డానికి వచ్చినవాళ్ళు కారు. సూర్యాపేట, మహబూబ్‌నగర్, కర్నూలు లాంటి చోట్ల నుంచి రాత్రి బస్సెక్కి, తెల్లవారుజామున ఎంజీబీఎస్‌లో దిగి, చేతిలో ఫైలూ ఎక్స్‌రే కవరూ పట్టుకుని కౌంటర్ దగ్గరికి వస్తారు. వాళ్ళకి మనం ఇచ్చే కాగితం మీద 'మీ బస ఆనందదాయకంగా సాగాలని కోరుకుంటున్నాం' అని ఉంటే, అది వాళ్ళ కోసం రాసింది కాదని మొదటి వాక్యంలోనే తెలిసిపోతుంది.

ఈ మార్గదర్శి అలాంటి లాడ్జి నడిపేవాళ్ళకీ, మేనేజర్లకీ. స్వాగత పత్రం ఒక్క పేజీ దాటకూడదు. ఆ పేజీలో వాళ్ళు వెతికేవి మూడు: గది ఎప్పుడు ఖాళీ చేయాలి, వేళ కాని వేళ వస్తే తినడానికి ఏముంటుంది, బట్టలు ఎలా ఉతుక్కోవాలి. ఈ మూడింటి గురించి రాసే ప్రతి మాటనూ రాత్రి రెండింటికి కౌంటర్‌లో కూర్చున్న కుర్రాడు ఎవరికీ ఫోన్ చేయకుండా నిలబెట్టగలగాలి. అతను నిలబెట్టలేని మాట కాగితం మీద ఉండకూడదు.

మొదటి అడుగు: ఆస్పత్రి రోజు ఎలా గడుస్తుందో చూసి రండి

పత్రం రాయడానికి ముందు మీ దగ్గర దిగేవాళ్ళు ఎక్కువగా ఏ ఆస్పత్రికి వెళ్తారో అక్కడికి ఒక రోజు నడిచి వెళ్ళండి. ఐసీయూ దగ్గరికి బంధువులను ఏ వేళల్లో పంపుతున్నారు, వార్డులో రాత్రిపూట ఎంతమందిని ఉండనిస్తున్నారు, డాక్టర్లు ఎన్నింటికి రౌండ్స్‌కి వస్తున్నారు, రాత్రి ఏ గేటు తెరిచి ఉంటోంది? ఈ నాలుగూ రాసుకోండి. ఒక్కో ఆస్పత్రిలో, ఒక్కోసారి ఒక్కో విభాగంలో కూడా ఇవి మారతాయి. అందుకే వీటిని పత్రంలో అచ్చు వేయించకుండా ఖాళీలు వదిలి పెన్నుతో నింపడం మేలు.

మీ వంటగది వేళలూ, ఉతుకు వేళలూ ఈ నాలుగింటిని బట్టే నిర్ణయం కావాలి. రౌండ్స్ ఎనిమిదింటికి మొదలవుతుంటే మీ టిఫిన్ ఎనిమిదింటికి మొదలవడంలో అర్థం లేదు. డాక్టరుతో మాట్లాడే ఆ ఐదు నిమిషాల కోసం వాళ్ళు టిఫిన్ మానేసి వెళ్తారు. మధ్యాహ్నానికి కళ్ళు తిరుగుతాయి.

రెండో అడుగు: బస గురించి రాయడం

అన్నిటికంటే ఎక్కువ ఆలోచించి రాయాల్సింది ఇదే. మామూలు అతిథిని 'ఎన్ని రోజులు?' అని అడుగుతాం. రోగి బంధువుకి ఆ ప్రశ్నకి జవాబు తెలియదు. డాక్టరు 'చూద్దాం' అన్నదే వాళ్ళకి తెలిసింది. కాబట్టి పత్రంలో బస గురించిన మొదటి వాక్యం ఇలా ఉండాలి: 'మీరు ఎన్నాళ్ళుంటారో ఇప్పుడే చెప్పనక్కర్లేదు.' దాని వెంటనే పద్ధతి చెప్పాలి. రోజూ సాయంత్రం ఏడింటికి కౌంటర్ నుంచి ఒక ఫోన్ వస్తుంది, రేపు ఉంటున్నారా లేదా అని మాత్రం అడుగుతారు, ఎనిమిదింటిదాకా ఆ గది ఇంకెవరికీ ఇవ్వరు.

ఏడింటికే ఎందుకంటే, డిశ్చార్జి విషయం చాలాసార్లు ముందురోజు సాయంత్రమే చూచాయగా తెలుస్తుంది. 'రేపు పొద్దున రిపోర్ట్ బాగుంటే పంపేస్తాం' అంటారు. ఆ ఒక్క ముక్క మనకి ముందుగా తెలిస్తే, తెల్లవారుజామున బస్సు దిగి వచ్చేవాళ్ళకి ఏ గది ఇవ్వచ్చో, ఏది ఇవ్వకూడదో లెక్క వేసుకోవచ్చు. తెలియకపోతే రెండు కుటుంబాలు ఒకే గది ముందు నిలబడతాయి.

ఇక డిశ్చార్జి రోజు. పొద్దున పదింటికి డాక్టరు వెళ్ళొచ్చన్నా, రోగి ఆస్పత్రి గేటు దాటేసరికి సాయంత్రం అవుతుంది. డిశ్చార్జి సమ్మరీ టైప్ కావాలి, మిగిలిన మందులు ఫార్మసీకి తిరిగి ఇవ్వాలి, తుది బిల్లు తేలాలి. క్యాష్‌లెస్ బీమా ఉంటే ఇంకో మెట్టు. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024 మేలో ఇచ్చిన ఆదేశం ప్రకారం, ఆస్పత్రి నుంచి డిశ్చార్జి అభ్యర్థన అందిన మూడు గంటల్లోగా బీమా కంపెనీ తుది అనుమతి ఇవ్వాలి. ఆ మూడు గంటలు మొదలయ్యేది కాగితాలన్నీ సిద్ధమై పంపాక. అంటే పదింటి మాట నాలుగింటికో ఆరింటికో తేలుతుంది. ఈ మధ్యలో 'పన్నెండైంది, గది ఖాళీ చేయండి' అని ఫోన్ చేస్తే, బిల్లింగ్ క్యూలో ఉన్న మనిషి క్యూ వదిలేసి సామాన్ల కోసం పరిగెత్తాలి.

ఒక కుటుంబం లెక్క పూర్తిగా వేసి చూద్దాం. సూర్యాపేట నుంచి తల్లీకొడుకులు సోమవారం తెల్లవారి 5 గంటలకు దిగారనుకోండి. తండ్రికి బైపాస్ ఆపరేషన్. శనివారం పంపుతామన్నవాళ్ళు, జ్వరం తగలడంతో తర్వాతి మంగళవారం పంపారు. గది అద్దె రోజుకు రూ. 1,200, మీది 24 గంటల పద్ధతి. ఆ మంగళవారం ఉదయం 5 గంటలకు ఎనిమిది రోజులు పూర్తయ్యాయి. వాళ్ళు గది ఖాళీ చేసింది అదే రోజు సాయంత్రం 5 గంటలకు. మామూలు లెక్కలో తొమ్మిదో రోజు పూర్తి అద్దె పడుతుంది. అద్దె రూ. 10,800, దాని మీద 5 శాతం జీఎస్టీ రూ. 540, మొత్తం రూ. 11,340. డిశ్చార్జి రోజు సాయంత్రం ఆరింటిదాకా సగం అద్దె అనే నియమం పెడితే అద్దె రూ. 10,200, జీఎస్టీ రూ. 510, మొత్తం రూ. 10,710 అవుతుంది. వాళ్ళకి మిగిలేది రూ. 630. మనకి తగ్గేది రూ. 600. దానికి బదులు ముందురోజు సాయంత్రమే నిజం చెప్పే అతిథి మనకి దొరుకుతాడు, మర్నాటి గదుల లెక్క తప్పదు. నా దృష్టిలో ఇది ఇద్దరికీ సరైన బేరం.

రోజు అద్దె రూ. 7,500 లోపున్న గదులకు ఈ 5 శాతం రేటు 2025 సెప్టెంబర్ 22 నుంచి అమల్లో ఉంది. పాత పత్రాల్లో, రేటు బోర్డుల్లో 12 శాతం అని ఉంటే మార్చేయండి. పత్రంలో అద్దె రాసేటప్పుడు పన్ను కలిపి ఒకే అంకె రాయండి. పన్ను విడిగా ఉంటే వాళ్ళు వేసుకున్న లెక్క చివరి రోజున తప్పుతుంది.

ఇంకో పరిస్థితి ఉంది. రోగిని వార్డుకి మార్చాక తల్లి రాత్రిళ్ళు అక్కడే ఉంటుంది, కొడుకు డబ్బు సర్దుకు రావడానికి ఊరెళ్తాడు. గది ఖాళీగా ఉన్నా అద్దె పడుతూనే ఉంటుంది. అలాంటప్పుడు గది అప్పగించేసి, సామాన్లు చీటీ కట్టి కౌంటర్ వెనక పెట్టుకునే వీలు ఇవ్వండి. రోజుకొకసారి స్నానానికి వచ్చి వెళ్ళడానికి కింది అంతస్తు బాత్రూమ్ ఇవ్వండి. ఇది రాసేటప్పుడు ఒక జాగ్రత్త: నగలు, నగదు, ఆస్పత్రి ఫైలు ఆ సామాన్లలో పెట్టొద్దని స్పష్టంగా రాయాలి. ఫైలు మాట మర్చిపోవద్దు. రాత్రి డాక్టరు పాత రిపోర్ట్ అడిగితే అది కౌంటర్ వెనక బ్యాగులో ఉండకూడదు.

మాట ఇవ్వలేనిది కూడా రాయాలి. లాడ్జి నిండినప్పుడు అదే గది ఇవ్వలేకపోవచ్చు. 'గది మారవచ్చు, మిమ్మల్ని మాత్రం బయటికి పంపం' అని రాయగలిగితే రాయండి. అది కూడా కుదరదనుకుంటే, పొద్దుటే చెప్తామని, పక్కన ఏ లాడ్జిలో గది ఉందో మేమే కనుక్కుంటామని రాయండి.

మూడో అడుగు: భోజనం గురించి రాయడం

ఇక్కడ పూర్తి మెనూ అక్కర్లేదు. ఏ వేళకి ఏది కచ్చితంగా దొరుకుతుందో చాలు. కాఫీ, టీ తెల్లవారి ఐదున్నర నుంచి, ఇడ్లీ ఆరున్నర నుంచి, భోజనం పన్నెండు నుంచి మూడు, రాత్రి పదిన్నరకి వంట ఆఖరు. ఆ తర్వాత ఏముంటుందో కూడా రాయండి: వేడి పాలు, బ్రెడ్, అరటిపండు. అర్ధరాత్రి ఐసీయూ ముందు నుంచి తిరిగొచ్చిన మనిషికి ఆ మూడూ చాలా పెద్ద ఆసరా. కౌంటర్ కుర్రాడు తనే ఇవ్వగలిగినవి కూడా అవే.

మధ్యాహ్నం వండిన అన్నాన్ని రాత్రికి ఉంచొద్దు. వండిన అన్నం గది వేడిలో రెండు గంటలు దాటితే అందులో బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా పెరిగి విషం తయారుచేయొచ్చు. తర్వాత ఎంత వేడి చేసినా ఆ విషం పోదు. వాసనలో, రుచిలో తేడా తెలియదు, తిన్న కొద్ది గంటల్లోనే వాంతులు పట్టుకుంటాయి. క్యారియర్ కట్టిచ్చేటప్పుడు కట్టిన టైము మూత మీద రాసి, 'రెండు గంటల్లో తినండి' అన్న చీటీ అంటించండి. వార్డు బయట బెంచీ మీద క్యారియర్ పెట్టి మధ్యాహ్నమంతా మర్చిపోయే రోజులు వాళ్ళకి చాలా ఉంటాయి.

అసలు చిక్కు రోగికి తీసుకెళ్ళే తిండితో. మన ఇళ్ళల్లో రోగిని చూడ్డానికి వెళ్తే చేతిలో కొబ్బరిబోండమో, పళ్ళో ఉండాల్సిందే. కిడ్నీ పనిచేయని రోగికి కొబ్బరినీళ్ళు ప్రమాదం. వాటిలో పొటాషియం ఎక్కువ, కిడ్నీలు దాన్ని బయటికి పంపలేకపోతే గుండె లయ తప్పుతుంది. అలాగే ఆపరేషన్‌కి ముందు మామూలుగా ఆరు గంటలు ఘనాహారం, పాలు, పాలు కలిపిన టీ పెట్టకూడదు. 'పాపం, రాత్రి నుంచి ఏమీ తినలేదు' అని వాళ్ళమ్మ నాలుగు చెంచాల టీ తాగిస్తే ఆపరేషన్ వాయిదా పడొచ్చు. అందుకని మీ కౌంటర్‌లో ఉన్నవాళ్ళకి ఒక్క ప్రశ్న అలవాటు చేయండి. పార్సిల్ అడిగిన ప్రతిసారీ, 'మీకోసమా అమ్మా, పేషెంటుకోసమా?' పేషెంటుకే అంటే, 'సిస్టర్‌ని ఒకసారి అడిగి చెప్పండి, అప్పుడు కట్టిస్తాం' అనాలి.

పత్రంలో 'షుగర్ పేషెంట్ల భోజనం', 'కిడ్నీ డైట్' లాంటి పేర్లు వాడకండి. మీ వంటమాస్టర్ చేయగలిగింది రాయండి: ఉప్పు లేకుండా, కారం లేకుండా, నూనె తగ్గించి వండిస్తాం, రాగిజావ, మెత్తటి అన్నం, పలుచని మజ్జిగ చేసిస్తాం. ఏది పెట్టాలో డైటీషియన్ రాసిన చీటీ చూపిస్తే దాని ప్రకారం చేస్తాం. అంతకుమించి మాటివ్వడం వైద్యం చేయడమే అవుతుంది. మీ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు భోజనం బిల్లు మీద ఉండాలన్నది చట్టం. పత్రంలోనూ ఒక మూల వేయండి.

నాలుగో అడుగు: బట్టల ఉతుకు

రెండు జతలతో వచ్చి ఎనిమిది రోజులు ఉండిపోయేవాళ్ళు వీళ్ళు. బాత్రూమ్‌లో ఉతికి కిటికీ ఊచలకి ఆరేస్తారు, ఫ్యాన్ కింద కుర్చీల మీద పరుస్తారు. వద్దని బోర్డు పెట్టడం కంటే డాబా మీద తీగలు కట్టి, క్లిప్పులు, బకెట్, సబ్బు ఇవ్వడం తేలిక. ఉతికించుకునేవాళ్ళకి ఒక్కో బట్టకి కాకుండా బకెట్‌కి ఇంత అని ధర పెట్టండి. బట్టకింత అంటే లెక్క చూసుకుని మాసినవే మళ్ళీ కట్టుకుంటారు. పొద్దున ఎనిమిదిలోపు ఇస్తే రాత్రి ఏడుకి, వానాకాలంలో మర్నాడు రాత్రికి. ఇస్త్రీ మాట ఎత్తకండి.

రోగి విడిచిన బట్టలకి మాత్రం విడి పద్ధతి కావాలి. వాటికి ఒక ఆకుపచ్చ గుడ్డసంచి గదిలోనే పెట్టి ఉంచండి. పసుపు, ఎరుపు సంచులు వద్దు, ఆస్పత్రుల్లో అవి జీవవైద్య వ్యర్థాల రంగులు, ఎవరైనా పొరబడి పారేయొచ్చు. ఆ సంచిలో వచ్చినవి దులపకూడదు, మిగతా బట్టల్లో కలపకూడదు. నెత్తురు మరక ఉంటే ముందు చన్నీళ్ళలో అరగంట నానబెట్టాలి. వేణ్నీళ్ళలో వేస్తే నెత్తురులోని ప్రోటీన్ గడ్డకట్టి పోగుకి అంటుకుపోతుంది, మరక గోధుమరంగుకి తిరిగి ఇక వదలదు. మరక వదిలాక సబ్బు పొడితో 60 డిగ్రీల వేణ్నీళ్ళలో తిప్పి, ఎండలో ఆరేయాలి.

బంజారాహిల్స్‌లోని బసవతారకం క్యాన్సర్ ఆస్పత్రికి వెళ్ళేవాళ్ళు మీ దగ్గర దిగుతుంటే ఇంకో విషయం తెలియాలి. కీమో ఇచ్చాక సుమారు 48 గంటల పాటు, కొన్ని మందులకి ఇంకాస్త ఎక్కువ కాలం, రోగి మూత్రంలో, వాంతిలో ఆ మందు ఆనవాళ్ళుంటాయి. అవి అంటిన బట్టలూ దుప్పట్లూ చేతికి గ్లౌజులు వేసుకుని తీయాలి, విడిగా రెండుసార్లు ఉతకాలి. మీ గది దుప్పటికి అంటినా సరే. దీనికి జరిమానా వేయొద్దు. జరిమానా ఉంటే వాళ్ళు చెప్పకుండా మడిచి పెడతారు, మర్నాడు మీ పనిమనిషి ఉత్త చేతులతో తీస్తుంది. ఆస్పత్రి గౌన్లు, ఆస్పత్రి దుప్పట్లు మాత్రం ఉతకడానికి తీసుకోవద్దు, వాటి ఉతుకు ఆస్పత్రిదే.

ఐదో అడుగు: పత్రం

ఇప్పటిదాకా అనుకున్నదంతా కలిపితే పత్రం ఇలా వస్తుంది. పెద్ద అక్షరాల్లో, ఒకే పేజీలో, వెనకవైపు హిందీలో వేయించండి.

> నమస్కారం. మీ మనిషి ఆస్పత్రిలో ఉన్నారని మాకు తెలుసు. మీరు ఎన్నాళ్ళుంటారో ఇప్పుడే చెప్పనక్కర్లేదు.
>
> రోజూ సాయంత్రం 7 గంటలకు కౌంటర్ నుంచి ఫోన్ చేసి, రేపు ఉంటున్నారా అని అడుగుతాం. 8 గంటలదాకా మీ గది ఎవరికీ ఇవ్వం. ఫోన్ ఎత్తలేకపోతే ఉంటున్నారనే అనుకుంటాం. లాడ్జి నిండితే గది మారవచ్చు, మిమ్మల్ని మాత్రం బయటికి పంపం.
>
> డిశ్చార్జి సంగతి ముందురోజు సాయంత్రం చెప్తే, డిశ్చార్జి రోజు సాయంత్రం 6 గంటలదాకా సగం అద్దే. పన్నుతో కలిపి రోజుకు రూ. ____, సగం రోజుకు రూ. ____.
>
> రాత్రి వార్డులోనే ఉంటున్నారా? గది అప్పగించి సామాన్లు మా దగ్గర పెట్టుకోండి. రోజుకొకసారి స్నానానికి రండి. డబ్బు, నగలు, ఆస్పత్రి ఫైలు మీ దగ్గరే ఉంచుకోండి.
>
> కాఫీ, టీ 5:30 నుంచి. టిఫిన్ 6:30 నుంచి. భోజనం 12 నుంచి 3, రాత్రి 7:30 నుంచి 10:30. ఆ తర్వాత ఎప్పుడొచ్చినా వేడి పాలు, బ్రెడ్, అరటిపండు ఉంటాయి. క్యారియర్ కట్టిస్తాం, రెండు గంటల్లో తినండి.
>
> రోగికి ఏదైనా పెట్టేముందు, కొబ్బరినీళ్ళయినా సరే, సిస్టర్‌ని అడగండి. చీటీ రాసిస్తే అలాగే వండిస్తాం.
>
> బట్టలు ఉదయం 8 లోపు ఇవ్వండి, బకెట్‌కి రూ. ____. రోగి బట్టలు ఆకుపచ్చ సంచిలో వేయండి. కీమో తీసుకున్నవాళ్ళవైతే చెప్పండి. దుప్పటి పాడైతే డబ్బు అడగం. డాబా మీద ఆరేసుకోవచ్చు.
>
> గేటు రాత్రంతా తెరిచే ఉంటుంది. ఆస్పత్రి రాత్రి గేటు: ____. చూడనిచ్చే వేళలు: ____. కౌంటర్ ఫోన్: ____.

ఇందులో రోగం పేరు అడిగే గడి లేదు. రిజిస్టర్‌లో కూడా అది అక్కర్లేదు. గుర్తింపు కోసం ఆధార్ తీసుకుంటే చివరి నాలుగంకెలే కనిపించే మాస్క్‌డ్ కాపీ ఇవ్వొచ్చని నోటితో చెప్పండి.

ఆరో అడుగు: చేతికివ్వడం, తర్వాత చూసుకోవడం

తాళంచెవితో పాటు పత్రం ఇచ్చి, గది సంగతి రాసిన మొదటి రెండు పేరాలు నోటితో చదివి చెప్పండి. రాత్రంతా బస్సులో కూర్చుని వచ్చినవాళ్ళు చదవలేరు, చదవడం రానివాళ్ళూ ఉంటారు. మిగతాది ఆ పూట నిద్రపోయి లేచాక చూసుకుంటారు.

పత్రంలో రాయకూడనిది, కానీ సిబ్బందికి ముందే చెప్పి ఉంచాల్సింది ఒకటుంది. రోగి చనిపోయారని కబురు వస్తే ఆ కుటుంబం బిల్లు ఎవరూ ఎత్తకూడదు. సామాన్లు సర్దడానికి ఒక మనిషి సాయం వెళ్ళాలి, ఆటోకో అంబులెన్స్‌కో దారి చూపాలి. వాళ్ళు తమంతట అడిగితేనే లెక్క చెప్పాలి. మిగిలిన అడ్వాన్స్ అడక్కుండానే తిరిగివ్వాలి, అర్ధరాత్రయినా సరే. అందుకోసం రాత్రి కౌంటర్‌లో కొంత నగదు ఎప్పుడూ ఉండాలి.

పత్రం పనిచేస్తోందో లేదో తెలుసుకోవడానికి కౌంటర్ దగ్గర ఒక నోటుపుస్తకం పెట్టి, అతిథులు అడిగిన ప్రశ్నలు రాయించండి. పత్రంలో ఉన్నదాన్నే ఎక్కువమంది మళ్ళీ అడుగుతుంటే ఆ వాక్యం అర్థం కావడం లేదన్నమాట, మార్చి రాయండి. లేనిదాన్ని అడుగుతుంటే చేర్చండి, దానికి బదులు ఎవరూ వాడని ఇంకో వాక్యం తీసేయండి, పేజీ రెండోది కాకూడదు. ఏడింటి ఫోన్‌కి 'ఉంటున్నాం' అన్నవాళ్ళు మర్నాడు పొద్దున్నే ఖాళీ చేస్తుంటే, సగం అద్దె మాట వాళ్ళకి చేరలేదని అర్థం. ఆస్పత్రి వేళలు మారాయేమో నెలకోసారి వెళ్ళి చూసి, పెన్నుతో నింపే ఖాళీలు సరిచేయండి.